చెరిపేసిన అక్షరం వెలుగు మాత్రం ఎందుకు మిగిలిపోతుంది?

రాత్రి తీసిన ఒక ఫొటో. చీకటి గోడ మీద ఎర్రటి నియాన్ గొట్టాలతో ‘24 గంటలు’ అని బోర్డు వెలుగుతోంది. దాన్ని ‘12 గంటలు’గా మార్చాలి. మొదటిసారి ఇలాంటి పని చేతికొచ్చినప్పుడు పాత అంకెలు చెరిపి, గోడ రంగు నింపి, కొత్త అంకెలు అతికించి, చుట్టూ కాస్త గ్లో పెట్టాను. స్క్రీన్ మీద బాగానే అనిపించింది. నీడల్ని కొంచెం పైకి లేపి చూస్తే, కొత్త 2 వెనకాల గోడ మీద పాత 4 ఆకారంలో ఎర్రటి మరక కనిపించింది. అంకె పోయింది, దాని వెలుగు గోడ మీదే ఉండిపోయింది.

ఇందులో చేతి పొరపాటు కొంతే. మిగతాది మనం వాడే సాధనాలు పుట్టిన తీరులో ఉంది.

జార్జ్ క్లోడ్ 1910లో పారిస్ మోటార్ షోలో నియాన్ గొట్టాల్ని ప్రదర్శించాడు. ఆ తర్వాత ఇవి ఊళ్ల రాత్రి రూపాన్నే మార్చేశాయి, ఫొటోగ్రాఫర్లకు కొత్త చిక్కూ తెచ్చాయి. ఫిల్మ్ మీద పడ్డ బలమైన వెలుగు, బొమ్మను పట్టే ఎమల్షన్ పొరను దాటి, వెనకనున్న బేస్‌కు తగిలి తిరిగొచ్చి, అక్షరం చుట్టూ వలయంలా పరుచుకునేది. దీన్ని హాలేషన్ అంటారు. కలర్ ఫిల్మ్‌లో ఎరుపును పట్టే పొర సాధారణంగా అడుగున ఉంటుంది కాబట్టి ఆ వలయం ఎర్రగా వచ్చేది. దాన్ని తగ్గించడానికి ఫిల్మ్‌కు నల్లటి పొరలు వేసేవారు. డిజిటల్ కెమెరాల్లో ఆ బేస్ లేదు. అయినా లెన్స్ గాజు పలకల మధ్య, గాలిలోని తేమలో, అద్దం మీది దుమ్ములో వెలుగు చెదురుతూనే ఉంటుంది. మనం బ్లూమ్ అని పిలిచేది ఎక్కువగా అదే. కలర్ స్పిల్ వేరు. బోర్డు వెలుగు నిజంగానే గోడ మీదా, తడి నేల మీదా పడి వాటికి రంగు పులమడం అది. ఒకటి కెమెరాలో పుట్టింది, రెండోది వీధిలో పుట్టింది. అందుకే రెంటినీ ఒకే బ్రష్‌తో సరిచేయలేం.

రెండూ వెలుగులే, వెలుగు వెలుగుతో కూడుతుంది. మన ఎడిటింగ్ అలవాటు మాత్రం కాగితపు ముక్కలు అతికించే పని నుంచి వచ్చింది. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఒక పరిశోధన పత్రంలో కంప్యూటర్ బొమ్మల్ని కలిపే లెక్కల్ని ఒక పద్ధతిలో పెట్టారు. అందులో ఎక్కువగా వాడుకలోకి వచ్చింది ‘ఓవర్’, అంటే పైది కిందిదాన్ని కప్పేయడం. రెండు బొమ్మల్ని కూడే ‘ప్లస్’ కూడా ఆ పత్రంలోనే ఉంది. 1994లో ఫొటోషాప్ 3.0తో లేయర్లు వచ్చాయి, వాటి మామూలు మోడ్ కప్పే పద్ధతే. రంగు కాగితానికి అది చక్కగా సరిపోతుంది. నియాన్ గొట్టం చుట్టూ ఉండే వెలుగు కింద ఉన్న ఇటుకను కప్పదు, ఇటుక గీతల్ని అలాగే ఉంచి వాటి మీద కలుస్తుంది.

కూడితే సరిపోతుందా అంటే, ఇంకో పాత సంగతి అడ్డొస్తుంది. మామూలు ఫొటో ఫైల్‌లో 0 నుంచి 255 వరకు ఉండే అంకెలు వెలుగు పరిమాణాలు కావు. 1996లో ప్రతిపాదించి, 1999లో ప్రమాణంగా స్థిరపరచిన ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతి, అప్పటి సీఆర్‌టీ మానిటర్ల తీరును అనుసరించి అంకెల్ని ఒక వంపుతో రాస్తుంది. అందులో 128 అంటే పూర్తి వెలుగులో సగం కాదు, దాదాపు 21.6 శాతమే. ఒకేచోట 128 వెలుగులు రెండు పడ్డాయనుకుందాం. అంకెల్ని నేరుగా కూడితే 256 వచ్చి తెల్లగా కొట్టుకుపోతుంది. గ్లో కోసం అందరూ వాడే స్క్రీన్ మోడ్‌లో 192 వస్తుంది. వంపు విప్పి, అసలు వెలుగును కూడి, మళ్లీ వంపు పెడితే వచ్చేది 176. స్క్రీన్ మోడ్‌లో పెట్టిన గ్లో పాలపొరలా తేలిపోయి కనిపించడానికి ఈ తేడా ఒక పెద్ద కారణం.

నాకు అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైంది మూడో సంగతి. గొట్టం నడిమి భాగం ఫొటోలో 255 దగ్గర ఆగిపోతుంది, అసలు వెలుగు మాత్రం దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఆగిపోయిన ఆ అంకెనే బ్లర్ చేస్తే వలయం మసకగా వస్తుంది. అది చాలక మనం గ్లో పెంచుతూ పోతే దూది చుట్టినట్టు తయారవుతుంది. 1997లో డెబెవెక్, మాలిక్ వేర్వేరు ఎక్స్‌పోజర్ల నుంచి అసలు వెలుగును రాబట్టే పద్ధతి చూపించారు. 2003లో అలాంటి వెలుగును దాచే ఓపెన్‌ఈఎక్స్‌ఆర్ ఫైళ్లు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. 2005లో ఫొటోషాప్ సీఎస్2కు 32 బిట్ వచ్చింది. అప్పటి నుంచి 1.0, అంటే పాత 255, దాటిన వెలుగును దాచుకుని లెక్క చేయడం మామూలు ఎడిటర్‌కూ వీలైంది.

ఇక మన ‘24’ దగ్గరికి వద్దాం. కెమెరా సెన్సర్ పట్టినదాన్ని సర్దకుండా ఉంచే రా ఫైల్‌ను ఎక్స్‌పోజర్ తగ్గించి, కాంట్రాస్ట్ పెంచకుండా తెరిచి, వంపు లేని 32 బిట్ లీనియర్‌లోకి మార్చాను. పాత అంకెల గొట్టాల మీద మాస్క్ గీసి దానికి 8.0 వెలుగిచ్చాను. రంగును గొట్టం నడుమ నుంచి తీసుకోకూడదు. అక్కడ ముందు ఎరుపు, తర్వాత ఆకుపచ్చ హద్దుకు చేరి నారింజ, పసుపు, తెలుపు వైపు జారిపోయి ఉంటాయి. నిజమైన ఎరుపు వలయంలోనే దొరుకుతుంది. ఆ మాస్క్‌ను 4, 16, 64 పిక్సెళ్ల బ్లర్లతో మూడు కాపీలు చేసి, పెద్ద బ్లర్‌కు తక్కువ పాలు ఇస్తూ కలిపాను. ఒక్క బ్లర్‌తో కుదరదు, ఎందుకంటే అసలు బ్లూమ్ గొట్టం పక్కన నిటారుగా పడిపోయి, ఆ తర్వాత చాలా దూరం పలచగా సాగుతుంది.

ఇలా తయారైన పాత వెలుగును ఫొటోలోంచి తీసేశాను. అంకె చుట్టూ ఎర్రటి అంచు మిగిలితే తక్కువ తీసినట్టు, నల్లటి అంచు వస్తే ఎక్కువ తీసినట్టు. రెండూ మాయమై ఇటుకల గీతలు బయటపడే దాకా పాళ్లు సవరించాను. గొట్టాలు ఉన్నచోట మాత్రం సమాచారమే లేదు, అక్కడ పక్క గోడ నుంచి నింపాలి. తర్వాత ‘12’కు కొత్త మాస్క్ గీసి, అవే బ్లర్లు, అవే పాళ్లు, అదే రంగుతో చేసి కూడాను. తీసిన కొలతతోనే తిరిగి పెట్టడం వల్ల, పక్కనున్న ‘గంటలు’ వలయంతో కొత్త అంకెల వలయం కలిసిపోయింది.

దూరపు గోడ మీది ఎరుపును ముట్టుకోలేదు. రెండంకెల బదులు రెండంకెలే వచ్చాయి కాబట్టి మొత్తం వెలుగులో కంటికి తెలిసేంత తేడా ఉండదు. అంకెల రంగే మార్చాల్సి వస్తే కథ వేరు. స్పిల్ అంటే వెలుగును ఆ వస్తువు రంగుతో గుణిస్తే వచ్చేది, దాన్ని కూడికతో సరిచేయలేం. తడి నేల మీది ప్రతిబింబాన్ని మాత్రం మార్చాల్సిందే. అక్కడ పాత 4 తలకిందులుగా, నిలువుగా సాగి కనిపిస్తూనే ఉంది. గోడ మీద అంత కష్టపడి కూడా దాన్ని కాసేపు చూసుకోలేదు.

చివర్లో ఎక్స్‌పోజర్‌ను నాలుగు స్టాప్‌లు, అంటే పదహారు రెట్లు, పెంచి, తర్వాత నాలుగు తగ్గించి చూస్తాను. పెంచినప్పుడు పాత అంకె మరక ఉంటే బయటపడుతుంది. తగ్గించినప్పుడు కొత్త గొట్టం పక్కనున్న ‘గంటలు’ గొట్టాల కంటే ముందే మసకబారితే, దాని నడుమ వెలుగు చాలలేదన్నమాట.

ఫోన్ తీసిన జేపెగ్‌లో ఈ తీసివేత చాలాసార్లు కుదరదు. ఫోన్ అప్పటికే ఒక్కో భాగానికి ఒక్కోలా వెలుగు సర్దేసి ఉంటుంది, కాబట్టి ‘గంటలు’కు సరిపోయిన పాళ్లు ‘24’కు సరిపోవు. అలాంటప్పుడు అదే బోర్డులో దగ్గరి పోలిక ఉన్న గొట్టపు ముక్కను వలయంతో సహా కత్తిరించి కొత్త అంకెకు వాడతాను. రంగు కుదురుతుంది. ఇటుక గీతలు మాత్రం ఒక్కొక్కటిగా చేత్తో కలపాలి.