డబ్బా అసలుదే, పెయింటే నకిలీ

దసరా దగ్గర పడితే వరంగల్, హన్మకొండల్లో ఇళ్లకు రంగుల పని ఊపందుకుంటుంది. పెయింటర్ కొట్టు దగ్గర నుంచే ఎనామిల్ డబ్బా ఫొటో వాట్సాప్‌లో పంపి, "అన్నా, ఇది తీసుకోమంటవా?" అని అడుగుతాడు. మన కళ్లు నేరుగా లేబుల్ మీదికి పోతాయి. కానీ ముందు చూడాల్సింది మూత. వాడేసిన అసలు డబ్బానే కొని, అందులో నాసిరకం పెయింట్ నింపి అమ్మితే లేబుల్‌లో తప్పు ఎక్కడ దొరుకుతుంది?

ఎనామిల్ రేకు డబ్బా మూత గాడిలో బిగుసుకుని కూర్చుంటుంది. ఫ్యాక్టరీలో దాన్ని పైనుంచి సమంగా నొక్కుతారు. తీసేటప్పుడు మాత్రం స్క్రూడ్రైవర్ మొనను మూత కిందికి దూర్చి, డబ్బా అంచుకు ఆనించి ఎత్తాలి. ఆనించిన చోట డబ్బా అంచు నొక్కుకుపోతుంది, దాని పక్కనే మూత అంచు పైకి లేస్తుంది. ఒక్క చోట ఎత్తితే మూత సాధారణంగా రాదు కాబట్టి, ఈ జంట గుర్తులు చుట్టూ అక్కడక్కడా కనిపిస్తాయి. ఒకేచోట సొట్ట ఉంటే అది లారీలో తగిలిన దెబ్బ కూడా కావచ్చు. ఫ్లాష్ వేస్తే రేకు తళుక్కుమని సొట్ట కనబడదు. ఫ్లాష్ ఆపి, వెలుతురు పక్కనుంచి పడేలా డబ్బాను తిప్పి తీయమనండి. చిన్న నొక్కుకైనా నీడ పడుతుంది.

తర్వాత బ్యాచ్ ముద్ర. చాలా డబ్బాలపై దీన్ని ఇంక్‌జెట్ మెషిన్ వేస్తుంది. దగ్గరగా తీసిన ఫొటోలో ఒక్కో అక్షరం చిన్న చిన్న చుక్కల వరుసగా కనబడుతుంది. పాత తేదీ ఉన్న డబ్బాను మళ్లీ అమ్మాలంటే ముద్రను థిన్నర్‌తో తుడిచి కొత్తది కొట్టాలి. అలా తుడిచిన చోట మెరుపు తగ్గుతుంది, పాత ఇంకు లీలగా మిగలొచ్చు. పక్కపక్కన పెట్టిన రెండు 4 లీటర్ల డబ్బాల్లో ఒకదానిపై చుక్కల అక్షరాలు, రెండోదానిపై మాసిన మరక మీద నిండు గీతల అక్షరాలు ఉన్నాయనుకోండి. ఆ రెండోదాన్ని పక్కన పెట్టించాల్సిందే. రెండింటికీ ఒకే బ్యాచ్ నంబర్ ఉండటం మాత్రం తప్పు కాదు. ఒక బ్యాచ్‌లో ఎన్నో డబ్బాలు నింపుతారు.

లేబుల్‌నే స్కాన్ చేసి అచ్చేస్తే చిన్న అక్షరాల అంచులు మసకబారి, రంగు పక్కకు చిమ్మినట్టుంటాయి. ఇక్కడే ఒక చిక్కుంది. జేపెగ్ ఫొటోల్లో చాలావరకు వెలుగు వివరాలు పూర్తిగా ఉంటాయి గానీ, రంగు వివరాలను తగ్గించి దాచుకుంటాయి. వాట్సాప్ ఫొటోను ఇంకా కుదిస్తుంది. అందుకే అసలు లేబుల్ అక్షరాల చుట్టూ కూడా రంగు చెదిరినట్టు కనిపించవచ్చు. ఫొటోను డాక్యుమెంట్‌గా పంపమంటే ఆ కుదింపు తప్పుతుంది.

లేబుల్ రంగు తేడా సంగతీ అంతే. ఫోన్ కెమెరా ప్రతి ఫొటోకు తెలుపును తనంతట తానే సర్దుకుంటుంది. ట్యూబ్‌లైట్ కింద తీసిన డబ్బాను ఎండలో తీసిన దానితో పోల్చి నకిలీ అనడం అన్యాయం. నమ్మకమైన చోట కొన్న అదే రకం డబ్బాను పక్కన పెట్టి, మధ్యలో తెల్ల కాగితం ఉంచి, నీడపట్టున రెండూ ఒకే ఫొటోలో పడేలా తీయించాలి. అప్పుడు కూడా తేడా కొట్టొచ్చినట్టుంటే, కంపెనీ వెబ్‌సైట్‌లోని నంబర్‌కు ఫోన్ చేసి బ్యాచ్ నంబర్, తయారీ నెల చెప్పి అడగండి. అవి రెండూ పొసగకపోతే ఆ డబ్బా కొనొద్దు. పొసిగినా, మూత చుట్టూ జంట గుర్తులుంటే వేరే డబ్బా ఇమ్మనండి.