వాన మెసేజ్, ధర మెసేజ్: శనక్కాయ రైతుల్లో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

రైతులకు వాతావరణ సలహాలు చెప్పడం నా పని. ఫోన్‌కి వచ్చే వాన మెసేజ్ ఒకటి, మార్కెట్ ధర మెసేజ్ ఒకటి, ఈ రెండింటి మీద నేను రోజూ వినే మాటలు కొన్ని ఉన్నాయి. ఆదోని వైపు ఐదెకరాల్లో కదిరి-6 రకం శనక్కాయ వేసిన ఒక రైతు సంగతి చెబుతూ వాటికి జవాబు రాస్తున్నా.

అపోహ: వాన వస్తుందని మెసేజ్ వస్తే వెంటనే శనక్కాయ పీకేయాలి.

చాలామంది చేసేది ఇదే, ఎక్కువ నష్టపోయేదీ ఇక్కడే. ఆ రైతు పైరుకు నూరు రోజులు దాటాయి. బుధవారం పీకడానికి కూలీలను మాట్లాడుకున్నాడు. మంగళవారం మెసేజ్ వచ్చింది: గురు, శుక్రవారాల్లో చాలా చోట్ల మోస్తరు వానలు. ఇంట్లో వాళ్లు, పక్క చేను వాళ్లు అందరూ "ఈ రోజే పీకేయ్" అన్నారు. నాకు ఫోన్ చేస్తే నేను అడిగింది రెండే. కాయ ఒలిచి చూస్తే డొప్ప లోపల గోధుమ రంగు తిరిగిందా? ఆకుమచ్చ తెగులు ఎంత ఉంది? పదింట ఏడు కాయలకు రంగు తిరిగింది, తెగులు పెద్దగా లేదు. అయితే ఆపమన్నా.

ఎందుకంటే పీకి చేలో పరిచిన చెట్టు మీద వాన పడితే కాయ నల్లబడుతుంది, బూజు పడుతుంది, ధర సగం అక్కడే పోతుంది. భూమిలో ఉన్న కాయ నాలుగైదు రోజులు ఓర్చుకుంటుంది. పైగా ఎండకు గట్టిపడిన ఎర్రనేల తడిస్తే కాయ తెగి లోపల ఉండిపోకుండా చెట్టుతో పాటు పైకి వస్తుంది. కానీ ఇది అందరికీ పనికొచ్చే సలహా కాదు. తెగులుతో ఆకు రాలిపోయిన చేనైతే ఊడలు కుళ్లి కాయ భూమిలోనే మిగిలిపోతుంది. బాగా ముదిరాక తడి నేలలో వారం పైన ఉంచితే ఈ రకం చేలోనే మొలకెత్తుతుంది.

గురువారం రాత్రి వాన పడింది. శుక్రవారం మెసేజ్‌లో వచ్చే రోజులు పొడిగా ఉంటాయని చూసి, ఆదివారం పీకించి కాయ పైకి ఉండేలా చెట్లు తిరగేసి పరిచాడు.

అపోహ: చెప్పిన వాన మా చేలో పడలేదు, కాబట్టి మెసేజ్ అబద్ధం.

ఆ అంచనా మీ సర్వే నంబరుకు కాదు, జిల్లాకో మండలానికో. అందులో "ఒకటి రెండు చోట్ల" అంటే నాలుగో వంతు ప్రాంతానికి మించి పడదని అర్థం, "చాలా చోట్ల" అంటే సగానికి పైగా. ఆ మాట చదవకుండా వాన గుర్తు ఒక్కటే చూస్తే మోసపోతారు. సలహా బులెటిన్ మంగళ, శుక్రవారాల్లో వస్తుంది, ఐదు రోజుల అంచనాతో. మంగళవారందే పట్టుకుని ఆదివారం పని పెట్టుకోకండి, శుక్రవారంది చూసి మార్చుకోండి.

అపోహ: మెసేజ్‌లో ఉన్న ధర నా సరుక్కీ వస్తుంది.

నాకు బాగా బాధ కలిగించేది ఇదే. మెసేజ్‌లో కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని మూడు ధరలుంటాయి. చూడాల్సింది మోడల్ ధర, అంటే ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. అదీ ఆరిన కాయకు, యార్డులో. హమాలీ, బాడుగ వంటివి మనం తీసేసుకోవాలి.

ఆ రైతు చెట్ల నుంచి కాయ తెంచే మిషన్ పట్టించిన రోజు సాయంత్రమే ఒక వ్యాపారి కళ్లంలోకి వచ్చి పచ్చి కాయకు క్వింటాలుకు రూ. 5,000 ఇస్తానన్నాడు. మెసేజ్‌లో మోడల్ ధర రూ. 6,200. "పన్నెండు వందలు తేడా సార్, మోసం" అని ఫోన్. తేడా అంత లేదు. అప్పుడు కాయలో తేమ 20 శాతం దాకా ఉంది. దాన్ని నిల్వకు పనికొచ్చే 9 శాతానికి ఆరబెడితే 100 కిలోలు 88 కిలోలవుతాయి. 88 కిలోలకు 6,200 చొప్పున రూ. 5,456. ఆరబెట్టే కూలి, పట్టలు, బాడుగ కలిపి క్వింటాలుకు రూ. 150 వేసుకున్నా మిగిలేది మూడు వందల పైన. ఆ రైతు దగ్గర 30 క్వింటాళ్ల పచ్చి కాయ ఉంది, అంటే తొమ్మిది వేల పైమాట.

ఆ డబ్బు రావాలంటే నాలుగు రోజులు ఎండ కావాలి. అందుకే మళ్లీ వాన మెసేజ్ తెరిచి చూశాడు. ఆ పై ఆదివారం దాకా పొడి అని ఉంది, ఆరబెట్టాడు. అక్కడ వాన అని ఉండి, కప్పడానికి చోటు లేకపోతే, 5,000కే ఇచ్చేయమని నేనే చెప్పేవాణ్ణి. తడిసి బూజు పట్టిన కాయలో అఫ్లాటాక్సిన్ విషం చేరే ప్రమాదం ఉంది, దాన్ని తర్వాత ఎంత ఆరబెట్టినా పోదు.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుందని అడుగుతారు. కాయ ఊపితే గలగలమనాలి, గింజను వేళ్ల మధ్య నలిపితే పొట్టు ఊడాలి.

ఇంకొకటి, శనక్కాయ వేస్తే పత్తి మెసేజ్‌లు వస్తున్నాయని కొందరు విసుక్కుంటారు. ఎప్పుడో నమోదు చేసిన పంట, జిల్లా వివరాలతోనే అవి వస్తాయి. విత్తేటప్పుడే వ్యవసాయ శాఖ వాళ్ల దగ్గర పంట పేరు మార్పించుకోండి.