పది సెకన్ల దరువు: మృదంగమా, తబలానా, ఢోలకా, డప్పా?

ఎవరో పంపిన పది సెకన్ల దరువుకు చాలామంది వినీ వినకముందే పేరు పెట్టేస్తారు. ‘తబలా తని ఆవర్తనం’ అని ఫైలు పేరు కనిపిస్తుంది. తని ఆవర్తనం అంటే లయవాద్యం ఒంటరిగా వాయించే భాగం. అది కర్ణాటక కచేరీ మాట, అక్కడ ఉండేది మృదంగం. ఒకే ముక్కను మూడుసార్లు తిప్పి సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, దించే ముగింపును తబలావాళ్లు తిహాయి అంటారు, మృదంగంవాళ్లు ముక్తాయింపు అంటారు. వాద్యం తప్పయితే దాని వెంట వచ్చే పేరూ తప్పే. అందుకే ముందు తేల్చుకోవలసింది వాద్యం. దాన్ని నడకను బట్టి తేల్చలేం, తకధిమిని నాలుగింటి మీదా వాయించవచ్చు. ఒక్కొక్క దెబ్బ ఎలా పుట్టింది, ఎలా ఆరిపోయింది అన్నదే వినాలి.

వినడానికి ఇయర్‌ఫోన్లు తప్పనిసరి. ఫోన్ చిన్న స్పీకరులో 200 హెర్ట్జ్‌లకు దిగువన దాదాపు ఏమీ పలకదు. అంటే ఎడమచేతి వాద్యం మొత్తం మాయమవుతుంది, మిగిలిన కుడిచేతి టకటకల్లో మృదంగం, తబలా కవలల్లా వినిపిస్తాయి. పొరపాట్లలో సగం ఇక్కడే పుడతాయి.

నాలుగింటిలో మొదట పక్కకు పెట్టగలిగేది డప్పు. అది చెక్క చట్రానికి ఒకే పక్క తోలు బిగించిన వాద్యం, రెండు పుల్లలతో కొడతారు: పొట్టిగా లావుగా ఉండే సిర్ర, సన్నగా పొడుగ్గా ఉండే చిటికెన పుల్ల. పుల్ల తోలును తాకిన క్షణంలో వచ్చే ‘చిట్’ అనే పదును వేలిదెబ్బలో రాదు. సిర్ర దెబ్బ బరువుగా, చిటికెన పుల్ల దెబ్బ పలచగా పడతాయి, ఆ రెండు రంగులూ మార్చి మార్చి వినిపిస్తాయి. చిక్కు వచ్చేది తోలు చెమ్మగిల్లినప్పుడు. మంట దగ్గర కాచని డప్పు బొద్దుగా మోగి, ఢోలక్ ఎడమ పక్కలా అనిపిస్తుంది. అప్పుడు మోతను వదిలేసి దెబ్బ మొదలును మాత్రమే వినండి. పుల్ల పుల్లే, చేయి చేయే.

చేతి వాద్యమని తేలాక రెండో పరీక్ష: కుడిచేతి మోగే దెబ్బను మీరు గొంతుతో కూనిరాగంగా అనగలరా? మృదంగానికీ తబలాకూ అనగలరు, ఢోలక్‌కు దాదాపు అనలేరు. కారణం తోలు మధ్యలో ఉన్న నల్లటి గుండ్రం. మృదంగంవాళ్లు దాన్ని కరణి అంటారు, తబలాలో సియాహీ. ఏమీ పూయని గుండ్రటి తోలులో పలికే స్వరాల నిష్పత్తి సుమారు 1, 1.59, 2.14, 2.30. అవి ఒకదానికొకటి పొసగవు, కాబట్టి చెవికి స్థాయి దొరకదు. కరణి బరువు వాటిని 1, 2, 3, 4, 5 దగ్గరికి లాగుతుంది. ఈ సంగతిని 1920లో సి.వి. రామన్, శివకాళి కుమార్ ‘నేచర్’ పత్రికలో వివరించారు. ఢోలక్ కుడి పక్కన సాధారణంగా పూత ఉండదు. మసాలా అనే ముద్దను ఎడమ తోలుకు లోపలివైపు పూస్తారు. అందుకే దాని కుడి దెబ్బ టక్కుమని ఆగుతుంది, ఎడమది మాత్రం గుమ్మంటుంది.

అసలు చిక్కు మృదంగానికీ తబలాకూ మధ్యే. ‘ఎడమ నాదం జారితే తబలా’ అని ఒక చిట్కా చెలామణిలో ఉంది. దాన్ని నమ్మి మోసపోయినవాళ్లు ఎక్కువ. మృదంగంలో గుంకి అనే ఎడమచేతి దెబ్బ వేస్తే నాదం జారుతుంది, ఢోలక్ ఎడమ తోలును బొటనవేలితో రాసినా జారుతుంది. జారిందా లేదా అన్నది కాదు, ఎంతసేపు జారిందో చూడాలి. తబలా జతలోని డగ్గా విడిగా కూర్చునే లోహపు గిన్నె. సియాహీ పక్కకు జరిగి ఉంటుంది కనుక మణికట్టుకు చోటుంది. ‘ఘే’ కొట్టి మణికట్టుతో నొక్కుతూ పోతే స్వరం సాగి సాగి పైకి ఎక్కుతుంది. మృదంగం ఎడమ మూత, అంటే తొప్పి, అలా సాగదు. కచేరీకి ముందు దానికి తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అంటిస్తారు. ఆ తడి బరువు నాదాన్ని లోతుకు దించుతుంది, త్వరగా ఆర్పేస్తుంది. గుంకి ‘గుమ్’ అని చిన్నగా వంగి ఆగుతుంది.

దీనికి తోడు నిలబడే ఆధారం కుడి మూతలో ఉంది. మృదంగంలో పై అంచు తోలుకూ లోపలి తోలుకూ మధ్య సన్నని పుల్లలో, చిన్న రాతి ముక్కలో దూరుస్తారు. వాటివల్ల చాపు దెబ్బ చివర సన్నటి జీర వస్తుంది, తేనెటీగ దూరంగా తిరిగినట్టు. తబలా ‘నా’ దెబ్బలో ఆ జీర ఉండదు. అది చిన్న గంటలా శుభ్రంగా మోగుతుంది.

ఇప్పుడు ఒక ముక్కను దగ్గరగా చూద్దాం. `tabla_solo.mp3` అనే పేరుతో 12 సెకన్ల ఫైలు ఉందనుకోండి. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, విడిగా మోగిన ఒక కుడిచేతి దెబ్బను ఎంచుకుని `Spectrogram`లో చూడండి. 300, 450, 600 హెర్ట్జ్‌ల దగ్గర అడ్డగీతలున్నాయి, 150 దగ్గర గీత మాత్రం పలచగా ఉంది. గీతల మధ్య ఎడం 150, అన్నీ సమానమే, కనుక కరణి ఉన్న వాద్యం. ఢోలక్, డప్పు తొలగిపోయాయి. అడుగు గీత పలచబడటానికి కారణం ఉంగరపు వేలు. మృదంగంలో ‘నం’ అనే కుడిచేతి దెబ్బ కొట్టేటప్పుడు అది కరణి అంచును తాకి ఆ కంపనాన్ని అణిచేస్తుంది. తబలాలోనూ ఇదే జరుగుతుంది కాబట్టి ఈ గీతలు రెండింటినీ వేరు చేయవు.

తర్వాత `Change Tempo`లో -50 ఇచ్చి దెబ్బ తోకను వినండి. మొదలును మాత్రం మామూలు వేగంలోనే వినాలి, నెమ్మది చేస్తే దెబ్బ రెండుగా చీలి లేని జీరను పుట్టిస్తుంది. ఈ ముక్కలో మామూలు వేగంలోనే చాపు చివర జీర వినబడింది. ఎడమ నాదం వంగి వెంటనే ఆగింది. తబలా కాదు, మృదంగం. ఒక సందేహం మిగులుతుంది: పఖావజ్ అనే హిందుస్తానీ వాద్యం కూడా మృదంగంలా ఒకే పీపా, దాని ఎడమ మూతకు తడి గోధుమపిండి పెడతారు. అందులో ఎడమ మోత మరింత విశాలంగా, ఎక్కువసేపు ఉంటుంది. బుర్రకథ ముక్కలకు ఢోలక్ అని రాసేవాళ్లూ ఉన్నారు, అక్కడ మోగేది గుమ్మెట. నాలుగింటిలో ఏదో ఒకటి అయి తీరాలన్న పట్టుదల పనికిరాదు.

గుడి మండపంలో తీసిన రికార్డింగులో మాత్రం తోక పరీక్ష చేయకండి. గోడల ప్రతిధ్వని తొప్పి మోతను సాగదీసి డగ్గాలా వినిపిస్తుంది. అక్కడ నమ్మదగినవి చాపు జీర, దెబ్బ మొదలు, ఆ రెండే.

మన ఫైలు చివర ఒకే ముక్క మూడుసార్లు వచ్చి దిగింది కాబట్టి `mridangam_muktayimpu_12s.mp3` అని పేరు పెట్టవచ్చు. తాళం పేరు చేర్చకూడదు. ఆదితాళం ఎనిమిది అక్షరాలు, సెకనుకొకటి చొప్పున వేసినా 12 సెకన్లలో ఆవర్తం ఒకటిన్నర. పాటా చేతితాళమూ లేనప్పుడు ఆ ఆవర్తం ఎక్కడ మొదలైందో చెవికి తెలియదు.