ఫాల్ట్ ఎప్పుడూ ఆఖరిది కాదు: సెక్షన్ చదవడంలో అపోహలు, వాస్తవాలు

పరీక్షల కాలం వచ్చిందంటే నాకు ఒకే ఫోన్ పదిసార్లు వస్తుంది. మొన్న రాత్రి పది దాటాక జియాలజీ డిగ్రీ చదివే ఒకమ్మాయి చేసింది. గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది. "సార్, సెక్షన్ ప్రశ్నలో ముందు పొరలన్నీ కింద నుంచి పైకి రాసేసి, తర్వాత మడత, చివర్లో ఫాల్ట్ రాస్తే మార్కులు వస్తాయట కదా?" ఎవరు చెప్పారమ్మా అంటే, వాట్సాప్‌లో తిరుగుతున్న నోట్స్‌లో ఉందంది. సెక్షన్ అంటే నేలను నిలువునా కోస్తే కనిపించే రాతి పొరల బొమ్మ. అది చూసి ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో వరుసగా చెప్పాలి. ఆ నోట్స్ రాసిన మహానుభావుడెవరో గానీ, ఏళ్ల తరబడి పిల్లల మార్కులు మింగుతున్నాడు. ఆ పిల్లను ఏమీ అనలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇలాంటి పప్పులోనే కాలేశాను, ఆ సంగతి తర్వాత చెబుతాను.

అపోహ: ఫాల్ట్ అన్నిటికంటే చివర జరిగిన సంఘటన.

ఫాల్ట్ అంటే రాళ్లు పగిలి, ఒక పక్క ముక్క జరిగిన చోటు. దానికి దానంతట వయసు రాసి ఉండదు. అది కోసిన పొరల్లో అన్నిటికంటే కొత్తదాని కన్నా ఫాల్ట్ వయసులో చిన్నది. దాన్ని కప్పేసి, తాను మాత్రం తెగకుండా ఉన్న పొరల్లో అన్నిటికంటే పాతదాని కన్నా ఫాల్ట్ వయసులో పెద్దది. మీరు చెప్పగలిగేది ఈ రెండు హద్దుల మధ్య ఎప్పుడో జరిగిందని మాత్రమే. కింది హద్దు అందరూ చూస్తారు. పై హద్దునే వదిలేస్తారు. ఆ పై హద్దు చాలాసార్లు అన్‌కన్ఫర్మిటీ గీత దగ్గరే, అంటే అరిగిన పాత రాళ్ల మీద కొత్త పొరలు పరుచుకున్న చోటే దొరుకుతుంది.

ఒక సెక్షన్ ఊహించుకోండి, కాగితం మీద గీసుకుంటే ఇంకా మంచిది. కింద నాలుగు పొరలు: ఇసుకరాయి, దాని మీద బురద గట్టిపడిన షేల్, దాని మీద సున్నపురాయి, ఆ పైన మళ్లీ ఒక షేల్. నాలుగూ కలిసి మడత పడ్డాయి. ఎడమవైపు పైకి ఉబ్బిన మడత, యాంటిక్లైన్; కుడివైపు కిందికి కుంగిన మడత, సింక్లైన్. యాంటిక్లైన్ నెత్తికి కొంచెం కుడిగా, కుడివైపుకు బాగా వాలిన ఒక ఫాల్ట్ ఉంది. దాని కుడివైపు ముక్క 30 మీటర్లు కిందికి దిగింది. వీటన్నిటినీ పైన ఒక చదునైన గీత అడ్డంగా నరికేసింది. ఆ గీత మీద 2 మీటర్ల మందాన గులకరాళ్లు అతుక్కున్న కాంగ్లోమెరేట్, దాని మీద మరో ఇసుకరాయి. ఈ రెండూ చదునుగా, ఏ వంకరా లేకుండా ఉన్నాయి. ఫాల్ట్ గీత కాంగ్లోమెరేట్ అడుగు దాకా వచ్చి ఆగిపోయింది.

నోట్స్ ప్రకారం జవాబు ఇలా వస్తుంది: ఆరు పొరలు, మడత, ఫాల్ట్. ఈ వరుస నిజమైతే పైనున్న కాంగ్లోమెరేట్ కూడా వంగి ఉండాలి, పై ఇసుకరాయి కూడా 30 మీటర్లు తెగి ఉండాలి. రెండూ లేవు. పైగా ఈ వరుసలో ఎరోజన్, అంటే అరుగుదల, అన్న మాటే లేదు. ఒక దేశమంత నేల పైకి లేచి, అరిగి, చదునైన కాలం మొత్తం ఆ గీతలో ఉంది. దాన్ని రెండు పొరల మధ్య మామూలు సరిహద్దు అనుకుని దాటేశారు.

ఇప్పుడు గీత దగ్గర మొదలుపెట్టి చదవండి. గీతకు కింద ఏం తెగిందో అదంతా గీతకు ముందు. గీత మీద ఏది ఆనుకుని పరుచుకుందో అది తర్వాత. యాంటిక్లైన్ నెత్తి దగ్గర కాంగ్లోమెరేట్ నేరుగా అన్నిటికంటే అడుగున ఉండే ఇసుకరాయి మీద కూర్చుంది. సింక్లైన్ మధ్యలో అదే కాంగ్లోమెరేట్ పై షేల్ మీద కూర్చుంది. ఒకే పొర వేర్వేరు చోట్ల వేర్వేరు రాళ్ల మీద పడుకుందంటే, మధ్యలో ఉన్న సరుకు అరిగి కొట్టుకుపోయిందనే. కాంగ్లోమెరేట్‌లో సున్నపురాయి గులకలు కూడా కనిపిస్తే ఇక సాక్ష్యం చేతిలో ఉన్నట్టే.

ఇక మడత ముందా, ఫాల్ట్ ముందా? దీనికి మా పాత పద్ధతి ఒకటుంది. సెక్షన్‌ను ట్రేసింగ్ పేపర్ మీద దింపి, ఫాల్ట్ గీత వెంట కత్తెరతో కోయండి. కుడి ముక్కను ఆ గీత వెంటే 30 మీటర్లకు సరిపడా పైకి జరపండి. రెండు ముక్కల్లోని పొరలు కలిసి తెగని ఒకే మడత వచ్చిందంటే, మడత అప్పటికే ఉంది, ఫాల్ట్ దాన్ని కోసింది. ఫాల్ట్ గీత కూడా పొరలతోపాటే వంగి ఉంటే కథ తిరగబడుతుంది: ముందు ఫాల్ట్, తర్వాత మడత. ఒక్కోసారి, ముఖ్యంగా ఒక ముక్కను ఇంకోదాని మీదికి తోసే పడుకున్న ఫాల్ట్‌లు, థ్రస్ట్‌ల దగ్గర, రెండూ కలిసే జరుగుతాయి. అక్కడ పట్టుబట్టి ముందూ వెనకా రాయకండి, ఒకే సంఘటనగా రాయండి.

అంటే వరుస ఇది: నాలుగు పొరలు పరుచుకోవడం, మడత, ఫాల్ట్, ఎరోజన్, కాంగ్లోమెరేట్, పై ఇసుకరాయి. ఫాల్ట్ చివర లేదు, నడుమ ఉంది. ఎరోజన్ ఫాల్ట్ తర్వాత అని ఎలా అంటున్నానంటే, నేల 30 మీటర్లు దిగితే అక్కడ మెట్టు ఏర్పడాలి. గీత ఫాల్ట్ మీదుగా మెట్టు లేకుండా నున్నగా పోతోంది. మెట్టును అరగదీసిన తర్వాతే గులకలు పరుచుకున్నాయి. అరుగుదల ఫాల్ట్‌కు ముందే మొదలై ఉండొచ్చు, దాన్ని ఈ సెక్షన్ చెప్పదు. ముగిసింది మాత్రం ఫాల్ట్ తర్వాతే.

ఇక్కడ తెలివైన పిల్లలు ఒక ప్రశ్న వేస్తారు: "ఫాల్ట్ దాని బలం అయిపోయి అక్కడికక్కడే ఆగి ఉండొచ్చు కదా సార్?" నిజమే, ఫాల్ట్‌లు పైకి పోతూ చచ్చిపోతాయి. కానీ అలా చచ్చేటప్పుడు జరుగుదల మెల్లగా తగ్గుతుంది: 30, 20, 10, సున్నా. మన సెక్షన్‌లో గీతకు సరిగ్గా కింద కూడా 30 మీటర్లే ఉంది, గీత దాటగానే సున్నా. అది చచ్చిన ఫాల్ట్ కాదు, తల తెగిన ఫాల్ట్.

పేపర్ సెట్ చేసేవాళ్లకు హుషారు ఎక్కువైతే ఇంకో మెలిక పెడతారు. అదే ఫాల్ట్ గీతను కూడా కోస్తుంది, కానీ కాంగ్లోమెరేట్ 8 మీటర్లే దిగి ఉంటుంది, కింది పొరలు 30 మీటర్లు. ఒకే ఫాల్ట్ రెండుసార్లు కదిలిందన్నమాట. రెండుసార్లూ ఒకే దిక్కుకు కదిలితే, అన్‌కన్ఫర్మిటీకి ముందు 22 మీటర్లు, తర్వాత 8. దీన్ని "ఫాల్ట్" అని ఒక్కసారే రాస్తే సగం మార్కులు పోయినట్టే. ఒక హెచ్చరిక కూడా ఉంది: సెక్షన్‌లో కనిపించే మీటర్లు నిజంగా జరిగిన దూరం కాకపోవచ్చు. వాలు ఉన్న పొరను ఫాల్ట్ అడ్డంగా పక్కకు జరిపినా, నిలువు కోతలో పైకో కిందికో దిగినట్టే కనిపిస్తుంది. వరుసకు అడ్డం రాదు గానీ, దూరం మీద పందెం కాయకండి.

అపోహ: మడత పొరల మీద చదును పొరలు కనిపిస్తే అది అన్‌కన్ఫర్మిటీయే.

నేను కాలేసిన పప్పు ఇదే. చేరిన రెండో ఏడు, డ్రిల్ కోర్ లాగింగ్ నా పని, అంటే బోరులోంచి తీసి పెట్టెల్లో పేర్చిన రాతి కడ్డీలను చూసి వివరాలు రాయడం. పై పెట్టెల్లో చదునుగా ఉన్న పొరలు, కింది పెట్టెల్లో నిలువుగా లేచిన పొరలు. మధ్యలో ఒక అడుగు కోర్ దొరకనే లేదు, డ్రిల్లింగ్ నీళ్లకు కొట్టుకుపోయింది. నేను దర్జాగా "అన్‌కన్ఫర్మిటీ" అని రాసేశాను. దాన్ని నమ్ముకుని తర్వాతి బోరు పెట్టారు. దానిలో సున్నపురాయి తగలాల్సిన లోతు దాటి 40 మీటర్లు పోయినా ఏమీ తగల్లేదు. మా సీనియర్ పెట్టెల దగ్గర గొంతుక్కూర్చుని అడిగింది ఒక్కటే: "గులకరాయి ఏదిరా అబ్బాయ్?" కాంగ్లోమెరేట్ లేదు. పాత నేల కుళ్లిన జాడ లేదు. పోయిన అడుగుకు అటూ ఇటూ ఉన్న ముక్కల మీద నున్నటి మెరుపు, ఒకే దిక్కుకు గీతలు ఉన్నాయి, నేను వాటిని డ్రిల్ బిట్ గీకిన గుర్తులనుకున్నాను. అది పడుకున్న ఫాల్ట్, థ్రస్ట్. కొట్టుకుపోయిన అడుగు నలిగిన బంకమట్టి.

అప్పటినుంచి నా పద్ధతి మారలేదు. గీత మీద కింది రాయి గులకలు ఉన్నాయా, కింది రాయి పై అంచు ఎండకూ వానకూ కుళ్లి ఉందా చూస్తాను. ఉంటే అన్‌కన్ఫర్మిటీ. నలిగి, గీతలు పడి ఉంటే ఫాల్ట్. రెండూ లేకపోతే ప్రశ్నార్థకం పెట్టి వదిలేస్తాను.

మిగతావి గబగబా.

అపోహ: కిందున్నది ఎప్పుడూ పాతది. పరుచుకున్న రోజున మాత్రమే. నల్లమల పడమటి అంచున పాత నల్లమల రాళ్లు కొత్తవైన కర్నూలు రాళ్ల మీదికి తోసుకొచ్చాయి. మడత బాగా తిరగబడినా అంతే. పొర తలకిందులైందేమో అన్న అనుమానం వస్తే అలల గుర్తులు చూడండి. అటూ ఇటూ సమంగా ఉన్న అలల మొనలు పరుచుకున్ననాటి పైవైపును చూపిస్తాయి.

అపోహ: కింద గ్రానైట్ ఉంటే అది పై పొరల్లోకి చొచ్చుకొచ్చిందే. తిరుమల ఘాట్ రోడ్డులో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించిన చోటు ఉంది. కింద గ్రానైట్, మీద ఇసుకరాయి గట్టిపడిన క్వార్ట్‌జైట్, మధ్యలో దాదాపు 80 కోట్ల ఏళ్ల ఖాళీ. గ్రానైట్ వేడికి పై రాయి కాలిన గుర్తు ఉంటే గ్రానైట్ చిన్నది. గ్రానైట్ నుంచి ఊడిన ముక్కలు పై రాయిలో ఉంటే గ్రానైట్ పెద్దది. బనగానపల్లె కాంగ్లోమెరేట్‌లో దొరికిన వజ్రాలకూ ఇదే లెక్క. వజ్రం గులకలతోపాటు కొట్టుకొచ్చి చేరింది కాబట్టి, అది ఆ పొర కంటే పాతదే.

అపోహ: మ్యాప్‌లో ఊరి కింద ఫాల్ట్ గీత ఉంటే ఊరు మునిగినట్టే. ఇది పిల్లలది కాదు, పెద్దలది. ఇల్లు కట్టబోతున్న ఒక రైతు ఫోన్‌లో మ్యాప్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు, మూడు రోజులుగా నిద్ర లేదట. ఆయనతోపాటు వాగు గట్టు దాకా నడిచాను. కోత పడిన చోట ఫాల్ట్ కనిపిస్తోంది, దాని మీద కర్నూలు పొర చెక్కు చెదరకుండా అడ్డంగా పోతోంది. ఆ పొర వయసు 50 కోట్ల ఏళ్లకు పైమాటే. అది పరుచుకున్నాక ఈ ఫాల్ట్ ఇక్కడ కదల్లేదు, కదిలితే పై పొర తెగేది అని వేలుపెట్టి చూపించాను. భూకంపాల జోన్ వేరే లెక్క, ఇల్లు కట్టేటప్పుడు ఇంజనీరు దాన్ని చూడాల్సిందే అని కూడా చెప్పాను. ఆయన కాసేపు ఆ పొరను అరచేత్తో తడిమి, "అయితే సార్, బోరు ఇక్కడ వేస్తే నీళ్లు పడతాయా?" అన్నాడు.