స్కూల్ ఉన్న రోజే గొంతు నొప్పి, ఆదివారం మాయం

పోయిన నెల మా చెల్లెలు ఫోన్ చేసి "అక్కా, దీనికి ఆదివారం గొంతు నొప్పి ఎందుకు రాదో నువ్వే చెప్పు" అంది. దాని కూతురు మూడో తరగతి. పొద్దున్నే లేవగానే గొంతు పట్టుకుంటుంది, జ్వరం లేదు, థర్మామీటర్ పెడితే 98 దాటదు, పదకొండింటికల్లా ఉషారుగా తిరుగుతుంది. మా మరిది "నాటకాలు" అని తేల్చేశాడు. వాళ్ళ నాయనమ్మ దిష్టి తీసింది, కొండనాలుక జారిందని ఉప్పు, మిరియాల పొడి కూడా అద్దింది పాపం.

ఇక్కడ నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది, అది గుటక. ఇది చదువుతూనే ఒకసారి చెయ్యండి, నోట్లో ఏమీ లేకుండా వరసగా అయిదు గుటకలు వేయండి. మూడోదానికే గొంతు బిగుసుకున్నట్టు ఉంటుంది, అయిదోది దిగడం కష్టమవుతుంది. జబ్బేం కాదు, మింగడానికి ఉమ్మి అయిపోయింది అంతే. భయపడ్డప్పుడు ఉమ్మి తగ్గి చిక్కబడుతుంది, పైగా ఆహారనాళం మొదట్లో ఉంగరంలాంటి కండరం ఒకటుంది, ఎప్పుడూ మూసుకునే ఉండి గుటక పడ్డప్పుడు మాత్రం క్షణం తెరుచుకుంటుంది, ఆందోళనలో అది ఇంకాస్త బిగుస్తుంది. అప్పుడు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉంటుంది, పిల్ల మళ్ళీ మళ్ళీ మింగి చూసుకుంటుంది, మింగేకొద్దీ ఎండి ఇంకా ఇబ్బంది. ఎనిమిదేళ్ళ పిల్లకి దానికి వేరే మాట తెలీదు, "నొప్పి" అంటుంది. అబద్ధం కాదది.

ఇప్పుడు తేడా ఎక్కడ తెలుస్తుందంటే, టాన్సిల్స్ నిజంగా వాచిన పిల్లకి ఇడ్లీ ముక్క మింగితే ఎక్కువ నొప్పి, కారం తగిలితే కళ్ళలో నీళ్ళొస్తాయి. బిగింపు వల్ల వచ్చినదైతే రివర్స్, ఖాళీ గుటకకి ఇబ్బంది, ఇడ్లీ మాత్రం హాయిగా దిగుతుంది, తిన్నాక కాస్త తగ్గుతుంది కూడా. అందుకే "నొప్పిగా ఉందా" అని పదిసార్లు అడక్కుండా టిఫిన్ పెట్టి ఊరికే గమనించమన్నాను.

కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. పొద్దున మాత్రమే వచ్చే గొంతు నొప్పికి మామూలు శరీర కారణం ఒకటుంది, ముక్కు బిగుసుకుని రాత్రంతా నోటితో ఊపిరి తీయడం. నిద్రలో ఉమ్మి దాదాపు ఊరదు, దానికి తోడు ఫ్యాన్ గాలి, లేచేసరికి గొంతు గరగర, నీళ్ళు తాగి కాసేపు తిరిగితే పోతుంది. మరి ఇది ఆదివారం కూడా రావాలి కదా? వస్తుంది. ఆదివారం ఎనిమిదింటికి లేచి నేరుగా టీవీ దగ్గరికి పోయే పిల్ల దాన్ని పట్టించుకోదు, అంతే. అంటే "ఆదివారం లేదు కాబట్టి మనసుదే" అనడం తొందరపాటు.

రెండు వారాలు నోట్‌బుక్ రాయించాను. లేచిన టైమ్, జ్వరం, నోరు తెరిచి పడుకుందా, టిఫిన్ ఎలా దిగింది, ఎప్పటికి తగ్గింది, ఆ రోజు స్కూల్లో ఏముంది. నోరు తెరిచి పడుకోవడం దాదాపు రోజూ ఉంది. నొప్పి మాత్రం ఆరు రోజులే, రెండు వారాల్లోనూ సోమ, బుధ, శుక్రవారాలు. ఆ రోజుల్లో ఫస్ట్ పీరియడ్ తెలుగు, లేచి నిలబడి గట్టిగా చదవాలి. ఇన్ఫెక్షన్‌కి టైమ్‌టేబుల్ తెలీదు కదా! మూడో ఆదివారం కావాలనే ఆరున్నరకి లేపారు, ఏమీ అడగలేదు. నీళ్ళు తాగి తనే "గొంతు ఎండిపోయింది" అంది, నొప్పి అనలేదు. అంటే పొడి గొంతు నిజం, దానికి భయం తోడైన రోజు అది నొప్పి అవుతోంది.

అలాగని జ్వరం లేదు కదా అని డాక్టర్ని మానేయకూడదు. స్ట్రెప్ అనే బాక్టీరియా ఇన్ఫెక్షన్ ఒక్కోసారి జ్వరం లేకుండా కూడా ఉంటుంది, రాత్రి పారాసిటమాల్ వేసి ఉంటే పొద్దున థర్మామీటర్ కూడా మోసం చేయొచ్చు. దవడ కింద బిళ్ళలు కట్టి ముట్టుకుంటే నొప్పి, టాన్సిల్స్ మీద తెల్ల మచ్చలు, దగ్గు లేకపోవడం, ఇవి కనిపిస్తే చూపించాల్సిందే. దాన్ని వదిలేస్తే కొన్ని వారాల తర్వాత కీళ్ళు, గుండె మీద పడే రుమాటిక్ ఫీవర్ రావొచ్చు, మన దేశంలో అది ఇంకా పోలేదు. మింగలేక చొంగ కారుతున్నా, ఊపిరికి శబ్దం వస్తున్నా, నోరు తెరవలేకపోతున్నా అదే గంటలో ఆస్పత్రికి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రం వేయొద్దు, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

డాక్టర్ చూశాడు, గొంతు బాగానే ఉంది, ముక్కుకి అలర్జీ అన్నాడు. ఇక చదవడం సంగతి పొద్దున హడావుడిలో కాకుండా సాయంత్రం స్కూటీ మీద వస్తూ మా చెల్లెలు కదిపింది. ఒత్తుల దగ్గర తడబడితే వెనక బెంచీ వాళ్ళు నవ్వుతున్నారట. టీచర్ని కలిసి కొన్నాళ్ళు ఇంకో పిల్లతో కలిపి చదివించమని అడిగింది, ఆవిడ సరే అంది. ఇంటిపట్టున ఉంచడం మాత్రం ఆపేశారు, ఎందుకంటే ఇంట్లో ఉన్న రోజు భయం టక్కున దిగిపోతుంది, ఆ హాయి మర్నాటి గొంతు నొప్పిని ఇంకా గట్టి చేస్తుంది.

మూడు వారాలకి శుక్రవారం ఒక్కటే మిగిలింది. ముక్కు మాత్రం ఇంకా బిగుసుకునే ఉంది, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ ఏమైనా పెరిగాయేమోనని వచ్చే వారం ఈఎన్‌టీ దగ్గరికి తీసుకెళ్తున్నారు.