ప్రీమియం లెక్కలో మీ వయసెంత?

ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు స్నేహితులు ఒకే కంపెనీలో, ఒకే మొత్తానికి టర్మ్ బీమా అడిగితే, రెండోవారికి చెప్పిన ప్రీమియం మొదటివారికి చెప్పినదానికి దాదాపు మూడు రెట్లు ఉందట. రెండో ఆయనకు సిగరెట్ అలవాటు, కాస్త రక్తపోటు ఉన్నాయి. ‘ఇద్దరి వయసూ ఒకటే కదా, ఇంత తేడా న్యాయమేనా?’ అని ఒక పాఠకుడు అడిగారు. పుట్టిన తేదీ ప్రకారం ఇద్దరి వయసూ ఒకటే. బీమా గణితం ప్రకారం మాత్రం వాళ్ల మధ్య సుమారు పదమూడేళ్ల తేడా ఉంది. ఈ పదమూడేళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో చూడటమంటే నాకు ఎంతో ఇష్టం.

పూర్వం వయసుతో పనిలేకుండా అందరి దగ్గరా ఒకే చందా తీసుకునేవారు. 1706లో లండన్‌లో మొదలైన అమికబుల్ సొసైటీ అలాగే నడిచింది. కాకపోతే 45 ఏళ్లు దాటినవారిని చేర్చుకునేది కాదు. అక్కడ చోటు దొరకని జేమ్స్ డాడ్సన్ అనే గణితజ్ఞుడు, వయసును బట్టి చందా కడితే ఎవరినైనా చేర్చుకోవచ్చని లెక్కగట్టాడు. ఆయన లెక్క పునాదిగా 1762లో ఈక్విటబుల్ సొసైటీ వచ్చింది. ఎక్కువ ముప్పు ఉన్న మనిషిని బయటికి పంపకుండా, ఆ ముప్పుకు తగిన ధర చెప్పి లోపలికి తీసుకోవడమే ఇందులోని కొత్తదనం. అదనపు ముప్పుకు మామూలు ప్రీమియంపై అదనంగా వేసే ‘లోడింగ్’ అనే ఆలోచనకు మూలం ఇదే.

అసలు అందం 1825లో బయటపడింది. బెంజమిన్ గోంపెర్జ్ మరణాల పట్టికలను పరిశీలించి, నడివయసు నుంచి మరణాల రేటు వయసుతో పాటు చక్రవడ్డీలా పెరుగుతోందని గుర్తించాడు. స్థూలంగా ప్రతి ఎనిమిదేళ్లకూ అది రెట్టింపవుతుంది. దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి రేటు ఎక్కువో తక్కువో కావచ్చు కానీ, ఈ రెట్టింపు వేగం పెద్దగా మారదు. ఇరవైల వయసులో ప్రమాదాల వల్ల పోయేవారు ఎక్కువ కాబట్టి అక్కడ ఈ సూత్రం సరిగా పనిచేయదు. ముప్పై దాటాక చక్కగా కుదురుతుంది.

ఎనిమిదేళ్లకు రెట్టింపు అంటే ఏడాదికి సుమారు తొమ్మిది శాతం. పుట్టినరోజు దాటగానే కొత్త పాలసీ ధర పెరగడానికి కారణం ఇదే. ముప్పై అయిదు నుంచి అరవై అయిదుకు వచ్చేసరికి ముప్పు పదమూడు రెట్లకు పైగా పెరుగుతుంది. టర్మ్ పాలసీలో ప్రీమియం ఏటా ఒకేలా ఉండటానికి, మొదటి సంవత్సరాల్లో అవసరానికి మించి వసూలు చేసి, ఆ మిగులును చివరి సంవత్సరాల కోసం దాస్తారు. లాగరిథమ్స్‌ను బట్టీ పట్టించే బదులు ఈ ఒక్క ఉదాహరణతో మొదలుపెడితే, వాటి ఉపయోగమేమిటని పిల్లలు అడగనే అడగరు.

ఈ సూత్రాన్ని తిరగేసి చూద్దాం. రెట్టింపు ముప్పు ఎనిమిదేళ్ల వయసుతో సమానమైతే, ఏ ముప్పునైనా సంవత్సరాల్లోకి మార్చవచ్చు. యాభై శాతం అదనపు ముప్పు అంటే దాదాపు నాలుగేళ్ల ఎనిమిది నెలలు. మూడు రెట్ల ముప్పు అంటే పన్నెండేళ్ల ఎనిమిది నెలలు.

ఇక పొగ సంగతి. బ్రిటన్‌లో 1951లో డాక్టర్ల మీదే మొదలైన అధ్యయనం యాభై ఏళ్లు సాగింది. జీవితమంతా పొగతాగినవారు తాగనివారికంటే సగటున పదేళ్లు ముందు చనిపోయారని 2004లో తేలింది. నడివయసులో వారి మరణాల రేటు రెండు మూడు రెట్లు ఉంటుంది. రెండు విడిగా కనిపించే ఈ అంకెలను గోంపెర్జ్ సూత్రం కలుపుతుంది: రెండు రెట్లంటే ఎనిమిదేళ్లు, మూడు రెట్లంటే పన్నెండుకు పైగా. పదేళ్లు సరిగ్గా వాటి మధ్యనే పడింది. ముప్పై ఏళ్లకు మానేసినవారికి ఆ పదేళ్లూ దాదాపు పూర్తిగా తిరిగి వచ్చాయి, యాభైకి మానేసినవారికి ఆరేళ్లు వచ్చాయి. అందుకే చాలా కంపెనీలు కనీసం ఏడాది పాటు పొగాకు ముట్టనివారికే తక్కువ ధర ఇస్తాయి. మాట మీద నమ్మకం చాలనప్పుడు మూత్రంలోనో, లాలాజలంలోనో కోటినిన్ కోసం వెతుకుతారు. నికోటిన్ శరీరంలో మారగా వచ్చే పదార్థం అది. నమిలే పొగాకు వల్లా కనిపిస్తుంది, మానడం కోసం వాడే నికోటిన్ గమ్ వల్లా కనిపిస్తుంది. గమ్ వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

వైద్య చరిత్రను తూచేందుకు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆస్కార్ రోజర్స్, ఆర్థర్ హంటర్ అనే ఇద్దరు ఒక అంకెల పద్ధతి తెచ్చారు. మామూలు మనిషికి 100. రక్తపోటుకు ఇన్ని, బరువుకు ఇన్ని, కుటుంబంలో చిన్న వయసు గుండెపోట్లకు ఇన్ని అని కలుపుతూ పోతారు. మంచి అంశాలుంటే తీసేస్తారు. మొత్తం 150 వస్తే లోడింగ్ యాభై శాతం. దరఖాస్తుల్లోని ముప్పును తూచి ధర తేల్చే అండర్‌రైటర్లు ఇప్పటికీ ఈ దారిలోనే నడుస్తారు. కొన్ని ముప్పులు జంటగా వచ్చినప్పుడు మాత్రం కూడిక చాలదు. మధుమేహం, పొగ ఒకే మనిషిలో కలిస్తే రెండూ ఒకే రక్తనాళాలను దెబ్బతీస్తాయి కనుక, విడివిడి అంకెలను కలిపినదానికన్నా ఎక్కువే వేస్తారు.

మన స్నేహితుల లెక్క తేల్చుదాం. ముప్పై అయిదేళ్ల ఆరోగ్యవంతులు వెయ్యిమందిలో ఏడాదికి ఒకరు పోతారనుకుందాం. పొగతాగేవారి పట్టికలో అది రెండు. దానిపై రక్తపోటుకు యాభై శాతం లోడింగ్ వేస్తే మూడు. మూడు రెట్లంటే దాదాపు పదమూడేళ్లు కదా! కంపెనీ దృష్టిలో రెండో స్నేహితుడికి ముప్పై అయిదు కాదు, సుమారు నలభై ఎనిమిది.

అందరికీ సగటు ధర పెడితే పోదా? పదివేలమందిని తీసుకుందాం. ఎనిమిది వేలమంది ముప్పు వెయ్యికి ఒకటి, రెండు వేలమందిది నాలుగు. ఏడాదికి మొత్తం పదహారు మరణాలు, సగటు ధర 1.6. ఒకటి కట్టాల్సినవారు 1.6 కట్టాలి. వారిలో సగం మంది మానుకుంటే ఆరువేలమందిలో పన్నెండు మరణాలు, ధర 2. మిగిలిన ఆరోగ్యవంతుల్లో మళ్లీ సగం వెళ్లిపోతే ధర 2.5. ఎవరూ మోసం చేయకపోయినా నిధి అలా కరిగిపోతుంది. తమ ఆరోగ్యం తమకు తెలిసినవారు తమ ఇష్టంతో చేరే బీమాలో ఇది తప్పదు. అందరూ తప్పనిసరిగా చేరే పథకంలో తప్పుకునే దారి ఉండదు కనుక అక్కడ ఒకే ధర నిలబడుతుంది. చావు ఊసెత్తితే కీడని కొందరు దరఖాస్తులో పాత జబ్బులను దాటవేస్తారు. చెప్పి ఉంటే కొంత లోడింగ్‌తో పోయేది, దాచినందుకు చివరికి క్లెయిమే తిరస్కరణకు గురికావచ్చు.

వయసుగా మారని ముప్పులూ ఉన్నాయి. కేన్సర్ చికిత్స పూర్తయినవారికి తిరగబెట్టే భయం మొదటి కొన్నేళ్లలోనే ఎక్కువ, తర్వాత తగ్గుతుంది. వయసుతో పెరిగే శాతం ఇక్కడ తప్పుడు కొలత. అందుకే కొన్నేళ్ల పాటు మాత్రం బీమా మొత్తంలో ప్రతి వెయ్యికీ ఇంత అని స్థిర అదనం వేస్తారు, గడువు తీరాక తీసేస్తారు. కంపెనీ ఇచ్చే ప్రీమియం కోట్ చేతికొచ్చినప్పుడు, అందులోని అదనం శాతం లోడింగా, స్థిర అదనమా, ఏ కారణానికి వేశారు, ఎప్పుడు తిరిగి పరిశీలిస్తారు అని రాతపూర్వకంగా అడగండి.

నగరం ప్రభావం ప్రధానంగా ఆరోగ్య బీమాలో కనిపిస్తుంది. టర్మ్ పాలసీలో చెల్లించే మొత్తం ముందే ఖరారవుతుంది కాబట్టి ఆసుపత్రి బిల్లుతో పనిలేదు. ఆరోగ్య బీమాలో ముప్పు అంటే ఆసుపత్రిలో ఎన్నిసార్లు చేరతారన్నది ఒకటి, చేరిన ప్రతిసారీ ఎంత ఖర్చవుతుందన్నది ఇంకొకటి. ఈ రెండింటి గుణకారమే ధర. వయసు, పొగ, జబ్బు మొదటిదాన్ని పెంచితే, నగరం ఎక్కువగా రెండోదాన్ని పెంచుతుంది. గదుల అద్దె, నిపుణుల ఫీజు, పరికరాలు ఎక్కువున్నచోట చేయించే పరీక్షల సంఖ్య ఇందులోకి వస్తాయి. అందుకే కంపెనీలు ఊళ్లను జోన్లుగా విడదీస్తాయి. చౌక జోన్ చిరునామాతో పాలసీ తీసుకుని పెద్ద నగరంలో చికిత్స చేయించుకుంటే, కొన్ని పాలసీల్లో బిల్లులో కొంత శాతం మీరే భరించాలన్న షరతు ఉంటుంది. ఆ శాతం సాధారణంగా ప్రీమియం కోట్ తొలి పేజీలో కనిపించదు, పాలసీ నిబంధనల్లో ‘కో-పే’ అన్న పేరు కింద ఉంటుంది.