అపోహలు - వాస్తవాలు: 15 మార్కుల సమాధానంలో మార్కులు ఎక్కడ పడతాయి, ఎక్కడ పోతాయి

సివిల్స్ మెయిన్స్‌కు తయారయ్యేవాళ్ల టెస్ట్ సిరీస్ పేపర్లు దిద్దడం నా పని. పేపర్ చేతికి అందగానే ఎక్కువమంది అడిగేది ఒకటే: “పేజీలు నింపాను, ఒక్క తప్పు కూడా లేదు, అయినా ఆరు మార్కులేనా?” చాలాసార్లు నిజంగానే తప్పులుండవు. రాసింది ప్రశ్నకు జవాబు కాకపోవడమే అసలు సంగతి. అది ఎలా జరుగుతుందో ఒక్క ప్రశ్న మీద చూద్దాం.

“73వ రాజ్యాంగ సవరణ గ్రామ పంచాయతీలకు అధికారాలు ఇచ్చింది కానీ వనరులు ఇవ్వలేదు. విమర్శనాత్మకంగా పరిశీలించండి. (250 పదాలు, 15 మార్కులు)”

నేను దిద్దేటప్పుడు నిర్మాణానికి 5, సమతుల్యతకు 5, ఉదాహరణలకు 5 అని మనసులో పెట్టుకుంటాను. ఇది నా పద్ధతే తప్ప ఏ కమిషన్ ఇచ్చిన సూత్రమూ కాదు. కింద చెప్పబోయే సమాధానం కూడా ఏ ఒక్కరిదీ కాదు, తరచూ కనిపించే అలవాట్లన్నీ ఒకచోట చేర్చిన నమూనా.

అపోహ: ఇంట్రో, బాడీ, కన్‌క్లూజన్ ఉంటే నిర్మాణం ఉన్నట్టే.

నమూనా సమాధానంలో ఆ మూడూ ఉన్నాయి. ఇంట్రో చోళుల కాలం నాటి ఉత్తరమేరూరు శాసనంతో మొదలవుతుంది. గాంధీజీ గ్రామ స్వరాజ్యం మీదుగా 1957 నాటి బల్వంత్‌రాయ్ మెహతా కమిటీకి వస్తుంది. 1959 అక్టోబర్ 2న నాగౌర్‌లో పంచాయతీరాజ్ మొదలైన సంగతి చెప్పి, 1978 నాటి అశోక్ మెహతా కమిటీ నివేదికను కూడా పలకరించి, అప్పుడు 73వ సవరణ దగ్గర ఆగుతుంది. అక్కడికి 80 పదాలు అయిపోయాయి. అన్నీ నిజాలే. కానీ ఇచ్చిన చోటులో దాదాపు మూడో వంతు ఖర్చయ్యాక కూడా ‘అధికారాలు’, ‘వనరులు’ అన్న మాటలు రాలేదు. ఇదే ఇంట్రోను పంచాయతీల మీద వచ్చే ఏ ప్రశ్నకైనా అతికించవచ్చు. దిద్దేవాళ్లకు ఆ సంగతి రెండో వాక్యానికే తెలిసిపోతుంది.

నిర్మాణం ప్రశ్నలోంచి రావాలి. ఈ ప్రశ్నలో రెండు వాదనలున్నాయి: అధికారాలు ఇచ్చారు, వనరులు ఇవ్వలేదు. ‘విమర్శనాత్మకంగా పరిశీలించండి’ అంటే రెండింటినీ విడివిడిగా పరీక్షకు పెట్టి, చివర తీర్పు చెప్పమని. అలాంటప్పుడు సమాధానం ఆకారం దానంతట అదే తేలుతుంది: ఇంట్రోకు 30 పదాలు, అధికారాలకు 80, వనరులకు 90, తీర్పుకు 40. మొత్తం 240.

ఆ ఇంట్రో ఇలా ఉండొచ్చు: “73వ సవరణ ఎన్నికలు, రిజర్వేషన్లు, రాష్ట్ర ఆర్థిక సంఘం – ఈ మూడింటిని తప్పనిసరి చేసింది. అధికారాలను, పన్నులను రాష్ట్ర శాసనసభల ఇష్టానికి వదిలింది. కాబట్టి వ్యాఖ్యలో మొదటి సగమే సందేహాస్పదం.” ఇరవై రెండు పదాలు. రాసినవాళ్లకు విషయం తెలుసని, ప్రశ్న అర్థమైందని, ఎటు వెళ్లబోతున్నారో కూడా తేల్చుకున్నారని దీంతోనే తెలిసిపోతుంది. తెలుగులో రాసేవాళ్లకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. విభక్తులు మాటకే అతుక్కుంటాయి కాబట్టి ఇదే సంగతికి ఇంగ్లిష్‌లో పట్టేన్ని పదాలు పట్టవు. ఆ మిగులును మనవాళ్లు ఎక్కువగా ‘అత్యంత కీలకమైన’, ‘ఎంతో ప్రాధాన్యం సంతరించుకున్న’ లాంటి వాటికే ధారపోస్తారు.

అపోహ: ఐదు అనుకూలాలు, ఐదు ప్రతికూలాలు రాస్తే సమతుల్యత.

మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే, ఎందుకు పోయాయో అర్థం కానిదీ ఇక్కడే. నమూనా సమాధానంలో ‘అనుకూల అంశాలు’ అనే హెడింగ్ కింద మహిళలకు మూడింట ఒక వంతు రిజర్వేషన్లు, ఐదేళ్లకోసారి ఎన్నికలు, గ్రామసభ, ఎస్సీ ఎస్టీలకు ప్రాతినిధ్యం, ప్రజల భాగస్వామ్యం అని ఐదు పాయింట్లున్నాయి. ‘ప్రతికూల అంశాలు’ కింద నిధుల కొరత, సిబ్బంది కొరత, అవినీతి, సర్పంచ్ భర్తల పెత్తనం, అవగాహన లేమి అని మరో ఐదు. చూడ్డానికి తూకం సరిపోయింది. కానీ ఈ పదింటిలో ప్రశ్నకు నేరుగా తగిలేవి రెండే: నిధులు, సిబ్బంది. రిజర్వేషన్లు, ఎన్నికలు సవరణ సాధించిన విజయాలే అయినా అవి పంచాయతీకి ఇచ్చిన అధికారాలు కావు, వనరులూ కావు. నేను 5కు ఒకటిన్నర వేస్తాను.

వ్యాఖ్యకున్న రెండు వైపులా న్యాయం చేస్తేనే సమతుల్యత అంటాం. అధికారాల సంగతి చూడండి. 243-జి అధికరణ ప్రకారం రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా పంచాయతీలకు అధికారాలు ఇవ్వవచ్చు. ‘ఇవ్వవచ్చు’ మాత్రమే, ‘ఇవ్వాలి’ అని లేదు. 11వ షెడ్యూల్‌లోని 29 అంశాలు వాటంతట అవే పంచాయతీకి దఖలు పడవు, రాష్ట్రం బదలాయిస్తేనే వస్తాయి. అంటే ‘అధికారాలు ఇచ్చింది’ అన్న మాటే పూర్తి నిజం కాదు. అభ్యర్థుల్లో ఎక్కువమంది ఈ సగాన్ని ప్రశ్నించకుండానే ఒప్పేసుకుని, తమ విమర్శనంతా రెండో సగం మీదే పెడతారు.

ఇక వనరులు. పన్నుల గురించి చెప్పే 243-హెచ్ కూడా ‘ఇవ్వవచ్చు’ రకమే. కాబట్టి వ్యాఖ్య నిజమేననిపిస్తుంది. కానీ 243-ఐ ప్రకారం ఐదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని వేయడం తప్పనిసరి. దాని సిఫార్సుల ఆధారంగా పంచాయతీల వనరులు పెంచే మార్గాలను కేంద్ర ఆర్థిక సంఘం సూచించాలని 280వ అధికరణలో (3)(బిబి) నిబంధనను చేర్చింది కూడా ఈ సవరణే. అంటే వనరుల విషయంలో సవరణ పూర్తిగా చేతులు దులుపుకోలేదు, దారి వేసింది. ఆ దారిలో నడవాల్సిన రాష్ట్రాలు ఆర్థిక సంఘాలను ఆలస్యంగా వేయడం, నివేదికలను పక్కన పెట్టడం చేశాయి.

ఇలా రాసినవాళ్లు ‘అనుకూలం’, ‘ప్రతికూలం’ అన్న మాటలు ఒక్కసారి కూడా వాడకపోవచ్చు. అయినా నేను నాలుగు వేస్తాను.

సమతుల్యత పేరుతో తీర్పే చెప్పకపోవడం ఇంకో తప్పు. “వ్యాఖ్య కొంతవరకు నిజం, కొంతవరకు నిజం కాదు” అన్న ముగింపు రోజూ చూస్తాను. ఏ కొంత నిజమో చెప్పాలి కదా. “ఫలితం విషయంలో వ్యాఖ్య సరైనదే, కారణం విషయంలో కాదు, లోపం సవరణ కన్నా రాష్ట్రాల చట్టాల్లో ఎక్కువ” అంటే అది తీర్పు. దానికి పూర్తిగా విరుద్ధమైన తీర్పు ఇచ్చినా మార్కులు తగ్గవు. ‘ఇవ్వవచ్చు’ అని రాసి రాష్ట్రాలకు తప్పించుకునే వీలు కల్పించింది సవరణే అని వాదించవచ్చు, అదీ గట్టి వాదనే. పైన రాసినదానిలోంచి ఆ తీర్పు వచ్చిందా లేదా అన్నదే నేను చూసేది. నమూనా సమాధానం “గ్రామాలే దేశానికి పట్టుగొమ్మలు” అని ముగుస్తుంది. దానికి వేయడానికీ తీసేయడానికీ ఏమీ ఉండదు.

అపోహ: ఉదాహరణలు ఎన్ని ఎక్కువుంటే అన్ని మార్కులు.

నమూనాలో ‘ఉదా: కేరళ’, ‘ఉదా: కర్ణాటక’, ‘ఒక సర్వే ప్రకారం 67 శాతం పంచాయతీలు’ అని మూడున్నాయి. రాష్ట్రం పేరు రాసినంత మాత్రాన అది ఉదాహరణ అయిపోదు. సర్వే ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో లేకుండా శాతం మాత్రం కనిపిస్తే నేను దాన్ని లెక్కలోకి తీసుకోను. పైగా దాని పక్కనున్న అంకెల మీదా అనుమానం వస్తుంది.

అదే కేరళను ఇలా రాయండి: “కేరళ 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమంతో రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు కేటాయించాలని నిర్ణయించింది, రాజ్యాంగం అన్ని రాష్ట్రాలకూ ఒక్కటే.” చివరి ముక్కే ఇక్కడ కీలకం. అది లేకపోతే కేరళ గురించి ఒక సమాచారం మాత్రమే. అది ఉంటే, తేడా సవరణలో లేదు, రాష్ట్ర నిర్ణయంలో ఉందన్న వాదనకు సాక్ష్యం.

రెండో ఉదాహరణ వాదనకు ఎదురు వైపు నుంచి తెస్తే ఇంకా మంచిది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకిచ్చే గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యాలకే ఖర్చు చేయాలని ముడిపెట్టింది. డబ్బు వచ్చింది, దేనికి ఖర్చు పెట్టాలో నిర్ణయించే స్వేచ్ఛ మాత్రం పూర్తిగా రాలేదు. వనరులకూ అధికారాలకూ ఉన్న సంబంధం ఈ ఒక్క ఉదాహరణతో బయటపడుతుంది. 250 పదాల్లో ఇలాంటివి రెండు చాలు. నాలుగోది రాయాలంటే మొదటి మూడింటిని వివరించడానికి చోటుండదు.

అపోహ: పదాలు ఎవరు లెక్కపెడతారు?

ఒక్కొక్కటిగా ఎవరూ లెక్కపెట్టరు. నేనైతే రెండు మూడు లైన్లలో పదాలు చూసి లైన్ల సంఖ్యతో గుణిస్తాను. పది ఇరవై పదాలు అటూ ఇటూ అయితే పట్టించుకోను. అసలు నష్టం వేరే చోట జరుగుతుంది. సివిల్స్ జనరల్ స్టడీస్ పేపర్‌లో మూడు గంటల్లో 20 ప్రశ్నలు రాయాలి. పదింటికి 150 పదాలు, పదింటికి 250. మొత్తం 4,000 పదాలు, అంటే నిమిషానికి సుమారు 22. మార్కుల లెక్కన 15 మార్కుల ప్రశ్నకు దక్కేది 11 నిమిషాల లోపే. ఒక్కో పెద్ద ప్రశ్నకు 80 పదాలు ఎక్కువ రాస్తే మూడున్నర నిమిషాల పైన పోతాయి. పదింటికీ అలాగే చేస్తే 36 నిమిషాలు. మూడు పెద్ద ప్రశ్నలకు సరిపోయే సమయం అది. పేపర్ చివర నాలుగు లైన్లతో వదిలేసిన సమాధానాలు కనిపిస్తే నేను వెనక్కి తిప్పి మొదటి ప్రశ్నల ఇంట్రోలు చూస్తాను. ఉత్తరమేరూరు లాంటిది ఏదో ఒకటి అక్కడ దొరుకుతుంది.

అపోహ: అంతా దిద్దేవాడి చేతిలోనే ఉంది.

చేతిలో తేడాలుంటాయి, ఒకరు పిసినారి, ఒకరు ఉదారం. ఒకే పేపర్‌ను వేర్వేరు ఎగ్జామినర్లు దిద్దినప్పుడు వచ్చే ఈ తేడాను సరిచేయడానికి మోడరేషన్ ఉంటుంది. 2007లో సంజయ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చర్చించింది. కానీ ఒకే చేతి కింద పడిన రెండు సమాధానాల మధ్య తేడా ఆ చేతి వల్ల వచ్చింది కాదు. నమూనా సమాధానానికి నేను నిర్మాణంలో 2, సమతుల్యతలో 1.5, ఉదాహరణల్లో 1.5 వేశాను. మొత్తం 5. పైన చెప్పినట్టు తిరగరాస్తే 3.5, 4, 3.5 చొప్పున 11 వస్తుంది. నాకన్నా గట్టిగా దిద్దేవాళ్లు మొదటిదానికి 4, రెండోదానికి 8.5 వేయొచ్చు. ఎవరు దిద్దినా రెండోదే పైన ఉంటుంది.

హెడింగ్‌లు, అండర్‌లైన్లు, బొమ్మల గురించి కూడా అడుగుతుంటారు. ఈ ప్రశ్నకు రెండు హెడింగ్‌లు చాలు: ‘అధికారాలు’, ‘వనరులు’. ‘ఇవ్వవచ్చు’ అన్న మాట కింద గీత గీస్తే ఉపయోగం, ఎందుకంటే వాదనంతా దాని మీదే నిలబడింది. గ్రామ, మండల, జిల్లా అంచెలతో త్రిభుజం గీసేవాళ్లు చాలామంది. ప్రశ్న అంచెల గురించి కాదు కాబట్టి ఆ అర నిమిషం ‘రాజ్యాంగం అన్ని రాష్ట్రాలకూ ఒక్కటే’ లాంటి ఒక ముక్క రాయడానికి వాడుకోండి.